అల్మాస్‌గూడ వజ్రాసనం

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మా ఎదురు ఫ్లాట్ ఆండాలు ఒక గిన్నెలో మెత్తటి అన్నం ముద్దలు, రెండు అరటిపళ్లు పట్టుకొచ్చి మా తలుపు కొట్టింది.

"సారు గొంతుల చేప ముల్లు ఇరికిందంట గదా వదినా. ఇవి నమలకుంట మింగమను. ముల్లు కిందికి దిగుతది."

మా ఆవిడ అమ్మాజీ నావైపు తిరిగింది. మూడు తరాలుగా గుడ్డు పెంకు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు మాది. ఆ చూపులో ముల్లు ఉంది, చేప ఉంది, నేను ఎవరితో కలిసి తిన్నానో అన్న ఆరా కూడా ఉంది.

సంగతేమిటంటే, ముందురోజు సాయంత్రం పార్కింగ్‌లో ఆండాలు భర్త బాల్‌రాజ్‌తో "నాకు ఫిషర్ అట" అన్నాను. మెట్ల మీదున్న ఆండాలుకు ఫిష్షే వినపడింది, రు గాలికి పోయింది. ఫిషర్ అంటే ఫలానా చోట చర్మం చిట్లడమమ్మా అని నేను చెప్పొచ్చు. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో డీఎస్సీ అభ్యర్థులకు తెలుగు వ్యాకరణం చెప్తున్నవాణ్ణి, మాటలు లేక కాదు. ఆ చోటుకు తెలుగులో 'ఆసనం' అనే గౌరవప్రదమైన మాట కూడా ఉంది. కానీ ఎదురింటి ఇల్లాలి ముందు ఆ ఆసనం దిగలేదు నా నోట్లోంచి. వెనక సంగతి చెప్పలేక ముందు నుంచి ముద్ద మింగాను. రెండు ముద్దలూ మింగాను. అరటిపండు తిన్నాను.

"దిగిందా సారు?"

"దిగిందమ్మా."

"మా అత్తమ్మ చెప్పింది. ఆమె చెప్తే తప్పదు."

ఆమె వెళ్లాక అమ్మాజీకి అసలు సంగతి చెప్పాను. చేప లేదన్న సంతోషంలో రోగం ఉన్న సంగతి మర్చిపోయింది.

రోగం ఎలా బయటపడిందంటే, మా కోచింగ్ సెంటర్‌లో స్టాఫ్ బాత్రూముకు నీళ్లు రావు. ట్యాంకర్ ఖర్చు దేనికని యజమాని టిష్యూ రోళ్లు పెట్టించాడు. ఒక రోజు ఆ తెల్ల కాగితం మీద ఎర్రటి గీత కనపడింది. ఎర్ర సిరాతో పాతికవేల పేపర్లు దిద్దినవాణ్ణి, నా పేపరు ఎవరో దిద్దినట్టుంది. నొప్పి మాటకొస్తే, గాజుపెంకు బయటికి వస్తున్నట్టు. అది అయిపోయాక కూడా రెండు గంటలు మంట. కూర్చుంటే నరకం, నిలబడితే ఉద్యోగం.

డాక్టర్ ఉదయలక్ష్మి గారి క్లినిక్ మెట్రో స్టేషన్ వెనక సందులో. ఆవిడ సర్జన్, యాభై దాటిన మనిషి, మాట పొదుపు. పక్కకు తిరిగి పడుకోమని, చేతులతో మెల్లగా పక్కకు లాగి టార్చి వేసి చూసింది.

"ఫిషర్. గట్టిగా ముక్కితే ఆసనం అంచున చర్మం చిట్లింది. ఇవాళ వేలు పెట్టి చూడను, మీరు తట్టుకోలేరు. మానాక చూస్తాను. పీచున్న తిండి, నీళ్లు, విరేచనం మెత్తబడే మందు, గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూర్చోవడం, ఈ పూత మందు. ఆరు వారాలకు మళ్లీ రండి."

"అంటే మొలలు కాదన్నమాట."

"మొలలు లోపల ఉబ్బిన రక్తనాళాలు. వాటికి సాధారణంగా నొప్పి ఉండదు, ఎర్రగా చుక్కలుచుక్కలుగా పడుతుంది. మీకు నొప్పి ఉంది, రక్తం గీతలా అంటుతోంది. రెండూ వేరు."

తర్వాత ప్రశ్నలు. విరేచనం అలవాటు మారిందా, ఎన్ని వారాలుగా? రక్తం పైపైన ఉందా, లోపల కలిసి ఉందా? జిగురు పడుతోందా? అయినా ఇంకా కాలేదనిపిస్తోందా? సన్నగా వస్తోందా? బరువు తగ్గారా, ఆయాసం ఉందా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్? అన్నిటికీ లేదనే చెప్పాను. నలభై నాలుగేళ్లు అన్నాను.

"వీటిలో ఒక్కదానికి అవునన్నా, లేదా నలభై అయిదు దాటాక కొత్తగా రక్తం మొదలైనా, కొలనోస్కోపీ రాసేదాన్ని. గొట్టం వేసి పెద్దపేగంతా చూస్తాం."

"కోలన్ అంటే మాకు విరామచిహ్నం మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "నొప్పి ఉన్న రక్తం మనిషిని నా దగ్గరికి లాక్కొస్తుంది, శ్రీరామమూర్తి గారూ. నొప్పి లేనిదే ఇంట్లో కూర్చుంటుంది."

ఆ మాట పార్కింగ్‌లో బాల్‌రాజ్‌కు చెప్తున్నప్పుడే ఆండాలు విన్నది ఫిష్షు.

బాల్‌రాజ్ గురించి చెప్పాలి. యాభై మూడేళ్లు. అల్మాస్‌గూడలో వాళ్ల తాతల నాటి పొలాలు కాలనీలైపోయాయి. ప్లాట్లు అమ్మినవాడు ఫ్లాట్లోకి వచ్చాడు. గత దసరాకు ఎల్బీనగర్‌లో మా అపార్టుమెంటులోకి గృహప్రవేశం చేశాడు. ఆండాలు, ఇంజినీరింగ్ చదివే కొడుకు ప్రణీత్, చెవి సరిగా వినపడని తల్లి అండాలమ్మ. అత్త అండాలమ్మ, కోడలు ఆండాలు. ఇంట్లో ఎవరిని పిలిచినా ఇద్దరూ పలుకుతారు, లేదా ఇద్దరూ పలకరు. బాల్‌రాజ్ చెయ్యి పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో పాట పాడేవాళ్ల పక్కన నిలబడి ఎగదోయడం ఏటేటా అతని పని.

ఆ ఆదివారం సాయంత్రం టెర్రస్ మీదికి పిలిచి నెమ్మదిగా అన్నాడు.

"సారు, మీకొక్కలకే చెప్తున్న. నాగ్గూడ రక్తం వడ్తున్నది. కార్తీకం కెల్లి. నొప్పి మాత్రం లేదు."

"డాక్టరుకు చూపించారా?"

"చూపిచ్చిన. మెట్రో పిల్లర్ కాడ మొలల బోర్డు లేదా, గాడ. ఏమైందన్నడు, రక్తమన్న. మొలలన్నడు, పొడి ఇచ్చిండు. రెండు నిమిషాల్ల పని."

"చూశాడా?"

"ఏం చూస్తడు? బట్టలిప్పుమనలే. మర్యాదస్తుడు." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "గిదంత గా కమోడ్ జేసింది సారు. యాభై ఏండ్లు అల్మాస్‌గూడల గొంతుకూసున్న, ఒక్కనాడు రక్తం జూడలే. గీ ఫ్లాట్‌కొచ్చి తెల్ల కుర్చీ మీద కూసున్న, నెల దిరగకముందే ఎర్రగయింది. మన పానానికి పడది గది. నిన్నటి సంది పాతింటికి పోతున్న."

అన్నట్టే చేశాడు. రోజూ తెల్లారగానే స్కూటీ మీద కర్మన్‌ఘాట్ మీదుగా అల్మాస్‌గూడ పోయి, తాళం వేసి ఉన్న పాత ఇంటి దొడ్లో పని కానిచ్చుకుని, దోవలో ఇడ్లీ పార్సిల్ పట్టుకుని వచ్చేవాడు.

నేను డాక్టరమ్మ ప్రశ్నల గురించి చెప్పకపోలేదు. వయసు దాటాక కొత్తగా రక్తం పడితే గొట్టం వేసి చూడాలంటుంది, రండి ఒకసారి, అన్నాను. క్లినిక్‌కు ఫోన్ చేసి, నొప్పి లేకుండా రక్తం పడుతున్న ఫ్రెండును తీసుకొస్తానని డాక్టరమ్మకూ చెప్పాను. పది రోజులు ఆగుమన్నాడు. పది రోజుల తర్వాత ఎదురొచ్చి నా భుజం మీద చరిచాడు. ఆ చరుపు నా ఫిషర్ దాకా పోయింది.

"బందైంది సారు. ఒక్క చుక్క లేదు. చెప్పిన్నా లేదా?"

నాకు అనుమానం రాలేదా? రాలేదు. పైగా ముచ్చటేసింది. గొంతుకూర్చుంటే ముక్కడం తగ్గుతుందని నేనూ ఎక్కడో చదివాను, మా ఇంట్లో కమోడ్ తప్ప లేదు. నన్నూ తీసుకెళ్లండి అన్నాను. స్కూటీ వెనక సీట్లో ఫిషర్ పెట్టుకుని కూర్చున్నవాడికి హైదరాబాద్ రోడ్ల మీద ప్రతి స్పీడ్‌బ్రేకరూ పేరుపెట్టి పలకరిస్తుంది.

పాతిల్లు పెంకుటిల్లు. వెనక దొడ్లో సిమెంటు గది. కిటికీ లేదు. బల్బు పోయి ఏడాదైందట. నల్లబడిపోయిన బేసిను, ఎర్ర గచ్చు, పక్కన డ్రమ్ములో నీళ్లు, ప్లాస్టిక్ చెంబు. నేను ఫోను టార్చి వెలిగించుకుని కూర్చున్నాను. బాల్‌రాజ్‌కు టార్చి అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన చీకటి అది.

బయటికొచ్చాక నేనొక మాటన్నాను. అనకుండా ఉండాల్సిన మాట.

"బాల్‌రాజ్ గారూ, అల్మాస్ అంటే ఉర్దూలో వజ్రం. అల్మాస్‌గూడలో వేసే ఆసనం కాబట్టి ఇది వజ్రాసనం. మీరు వేసింది యోగం, మేం ఫ్లాట్లలో వేసేది రోగం."

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ రాత్రే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆ ముక్క పెట్టాను, పేరు లేకుండా. అతనే కింద చెయ్యి ఎత్తిన బొమ్మ పెట్టి, నేనే గా వజ్రమని ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండా రెండో అంతస్తు జోగారావు గారు, కాకినాడ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, అల్మాస్‌గూడ తాళంచెవి అడిగాడు. చుట్టుపక్కల కాలనీల నుంచి బాల్‌రాజ్‌కు ఫోన్లు. మొలలకు మందులెందుకు, మొలకలు తిని నేల మీద కూర్చోండి, అని నేను ఇంకో ముక్క అందించాను. ఉపన్యాసం అతనిది, ప్రాస నాది. పెళ్లిళ్లకు పోతే "వజ్రం గారొచ్చారు" అనేవాళ్లు. లడ్డూ పాటలో ఎప్పుడూ పక్కన నిలబడ్డ మనిషి, మొదటిసారి మధ్యలో నిలబడ్డాడు.

నా ఫిషర్ ఏప్రిల్‌కల్లా మానింది. మెత్తటి మందు, టబ్బు, పూత వల్ల మానింది. వజ్రాసనం వల్ల మానిందని గ్రూపులో పెట్టాను, ఎందుకంటే టబ్బులో చమత్కారం పుట్టలేదు. ఆరు వారాలకు రమ్మన్న డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. నొప్పి పోయినవాడికి డాక్టరు ఎందుకు గుర్తొస్తాడు.

ఎండాకాలంలో బాల్‌రాజ్ సన్నబడ్డాడు. అందరూ మెచ్చుకున్నారు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుస్తూ నాకు చూపించాడు, రెండోది. అల్మాస్‌గూడ నుంచి రావడం ఆలస్యమయ్యేది. "ఒకపాలి పోతే సాఫ్ కాలే సారు, మల్ల పోవాలె అనిపిస్తది. రెండు మూడు సార్లు కూసుంట." లిఫ్టు పాడైన రోజు మూడో అంతస్తు ఎక్కలేక రెండో అంతస్తు మెట్ల మీద కూలబడ్డాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. "వయసు సారు" అన్నాడు. వజ్రానికి వయసేంటండీ అన్నాను. నవ్వాడు.

ఆ ప్రశ్నలన్నీ నాకు తెలుసు. డాక్టరమ్మ నన్నడిగినవే, ఒకటి తర్వాత ఒకటి నా కళ్లముందు జవాబులై నడుస్తున్నాయి. తప్పొప్పుల పట్టిక దిద్దడం వృత్తిగా ఉన్నవాణ్ణి. చూడలేదు.

ఆగస్టులో నాకు మళ్లీ మంట మొదలైంది. ముసురు పట్టింది కదా అని వారం రోజులు మిర్చిబజ్జీలు తిన్న ఫలితం. సిగ్గు లేకుండా ఉదయలక్ష్మి గారి దగ్గరికి పోయాను. ఆవిడ పాత కాగితం తీసి చదివింది. చూసింది, ఈసారి వేలు పెట్టి కూడా చూసింది, చిన్న చిట్లుడే అంది. చేతులు కడుక్కుంటూ అడిగింది.

"అప్పుడు ఫోన్‌లో మీ ఫ్రెండ్ ఎవరో ఉన్నారన్నారు. నొప్పి లేకుండా రక్తం. తీసుకొస్తానన్నారు."

"ఆయనకు తగ్గిపోయింది మేడమ్. ఫిబ్రవరిలోనే."

"ఎలా తెలిసింది?"

"రక్తం కనపడట్లేదు."

"పడట్లేదా, కనపడట్లేదా?"

నేను నవ్వబోయాను. అది ఆవిడ చేసిన చమత్కారం కాదని ఆవిడ మొహం చూశాక తెలిసింది. ఏ బాత్రూము వాడుతున్నాడని అడిగింది. చెప్పాను. వజ్రాసనం సంగతి కూడా చెప్పాను. ఎర్ర గచ్చు. నల్ల బేసిను. కిటికీ లేదు. బల్బు లేదు. చెంబుతో నీళ్లు.

"ఆయన బరువు తగ్గారా?"

"రెండు చిల్లులు" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నేను విడమర్చి చెప్పలేదు. ఆటో ఎక్కాను.

బాల్‌రాజ్ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. టీవీలో ఏదో పాత కబడ్డీ నడుస్తోంది. నేను కూర్చోకుండానే అన్నాను.

"మా ఇంటికి రండి. మా కమోడ్ మీద కూర్చోండి. ఈ టిష్యూ వాడండి. వచ్చి నాకు చెప్పండి."

"పొద్దుగాలనే అల్మాస్‌గూడ పోయొచ్చిన సారు."

"రోజుకు మూడుసార్లు పోతున్నానని మీరే చెప్పారు. ఒకటి ఇక్కడ పొండి."

"ఏంది సారు గిది? మీరే వజ్రమంటిరి, మీరే రాయి అంటున్నరు."

"నేను అడ్డమైన కూతలూ కూస్తాను. నా మాట పట్టుకుంటే ఎలా?"

అతను టీవీ ఆపాడు. రిమోట్ పక్కన పెట్టాడు.

"అవసరం లేదు సారు. రక్తం ఉంది. నాకెరుకే."

నేను నిలబడే ఉన్నాను.

"మే నెలల, మా మేనకోడలు సంతోషి పెండ్లిల, ఫంక్షన్ హాల్ల తెల్ల కమోడ్ ఉండె. గాడ జూసిన. రక్తం ఒక్కటే గాదు, జిగురు గూడ ఉంది. పెంటల కలిసే ఉంది. నీళ్లు గొట్టిన, బయటికొచ్చిన. బయట నలుగురు నిలవడ్డరు, వజ్రమన్నా జర మాక్కూడ ఆసనం నేర్పుమని. గప్పుడు ఏం చెప్పాలె? గదంత ఉత్తదే, నాగ్గూడ వడ్తున్నదని చెప్పాల్నా?"

"నాకు చెప్పొచ్చుగా."

"మీకు చెప్తే గ్రూపుల పెడ్తరు" అన్నాడు. కోపంగా అనలేదు. రేపు వానొస్తుందన్నట్టు అన్నాడు.

మర్నాడు అతన్ని క్లినిక్‌కు తీసుకెళ్లాను. ఆడ డాక్టరు అని గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. లోపలికెళ్లాడు. నేను తెర ఇవతల కూర్చున్నాను. ఆవిడ అడిగిన ప్రతిదానికీ అవును, అవును, అవును. ఇంట్లో ఎవరికైనా అని అడిగితే, "మా నాయిన మట్టయ్య. మొలలతోటే పోయిండు మేడం, యాభై ఆరేండ్లకు. రక్తం పొయ్యి పొయ్యి కట్టె లెక్కయిండు."

"మొలలతో అలా పోరు, బాల్‌రాజ్ గారూ" అంది ఆవిడ మెల్లగా.

వేలితో పరీక్ష నిమిషం కూడా పట్టలేదు. తెర వెనక చేతి తొడుగు తీసేసిన చప్పుడు. ఆవిడ బయటికొచ్చి కూర్చుని కాగితం మీద రాస్తూనే ఉంది, తలెత్తలేదు.

"లోపల గట్టిగా తగిలింది. మొలలు కూడా ఉన్నాయి. మొలలున్నంత మాత్రాన ఇంకోటి ఉండకూడదని లేదు. ఇవాళే రక్తపరీక్ష. ఎల్లుండి కొలనోస్కోపీ."

"ఆ మొలల డాక్టరు ఇలా చూసి ఉంటే..." అన్నాను.

"చేతికి అందేంత దూరంలోనే ఉంది" అంది ఆవిడ.

హిమోగ్లోబిన్ ఏడున్నర. వజ్రంలో ఇనుము లేదు. ఈ ముక్క నా బుర్రలోకి దానంతటదే వచ్చింది. నోట్లోంచి రానివ్వలేదు. జీవితంలో మొదటిసారి అనుకుంటాను.

కొలనోస్కోపీకి ముందురోజంతా పేగు కడిగే మందు నీళ్లలో కలిపి గ్లాసు మీద గ్లాసు తాగాడు. ఆ రోజు అల్మాస్‌గూడ పోవడం కుదరదు కదా. వాళ్ల ఫ్లాట్‌లో తెల్ల కమోడ్ మీదే కూర్చున్నాడు, పదిహేను సార్లు. ప్రతిసారీ చూశాడట. పరీక్షలో మత్తిచ్చారు, నొప్పి తెలియలేదన్నాడు. ఆసనం అంచు నుంచి ఏడు సెంటీమీటర్ల లోపల గడ్డ. ముక్క తీసి పంపారు. వారానికి కాగితం వచ్చింది. క్యాన్సర్. స్కానుల్లో పక్కన గ్రంథులకు కూడా అంటినట్టుంది, కాలేయానికి పోలేదు. ముందు రేడియేషన్, కీమో, తర్వాత ఆపరేషన్. ఆపరేషన్‌లో కిందిభాగం మిగిల్చగలరో లేదో అప్పుడే తెలుస్తుంది. మిగలకపోతే విరేచనానికి పొట్ట పక్కన సంచి.

"ఇంక కమోడ్ గొడవే లేదు" అన్నాడు బాల్‌రాజ్ నాతో. ఈసారి చమత్కారం అతనిది. నేను నవ్వలేకపోయాను. ఇన్నాళ్లూ నా మాటలకు అతనెలా నవ్వాడో అప్పుడనిపించింది.

రేడియేషన్ మొదలయ్యే ముందు ఆదివారం వాళ్లింట్లో చుట్టాలంతా పోగయ్యారు. పెద్దన్న అంజయ్య, యాభై ఎనిమిదేళ్లు, మీసం తెల్లబడ్డ మనిషి, సోఫా మధ్యలో. ఆండాలు చాయ్ పోస్తోంది. ప్రణీత్ నానమ్మ పక్కన నేల మీద. నేను తలుపు దగ్గర, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా. జోగారావు గారు కూడా వచ్చాడు, తాళంచెవి తిరిగిచ్చేద్దామని.

"గీ ఫ్లాట్ల కర్మ" అన్నాడు అంజయ్య. "కుర్చీ మీద కూసునుడేందిరా. దొడ్లె కూసున్నన్ని దినాలు మంచిగుండె. పాతింటికే ఒచ్చెయ్. పోతది."

రెండు మూడు తలలు ఊగాయి. జోగారావు గారి తల కూడా.

బాల్‌రాజ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"జర అందరు ఇనుండ్రి. మల్ల మల్ల చెప్ప. దొడ్లె నాకు రక్తం ఆగలే. గాడ నాకు కనవడలే. చీకటి, ఎర్ర గచ్చు, నీళ్లు గొడ్తే పాయె. కమోడ్ నాకు రోగం దేలే, రోగం జూపిచ్చింది. జూపిచ్చినదాన్ని తిట్టి, దాసిపెట్టినదాని కాడికి పోయిన. ఆరు నెలలు. నాతోటి గా తాళంచెవి తీస్కున్నోళ్లంత పోయి డాక్టర్‌కు చూపిచ్చుకోండ్రి."

జోగారావు గారు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. చిన్న చప్పుడైంది.

అండాలమ్మకు వినపడలేదు. మనవడి భుజం పట్టుకుని నన్ను చూపించింది.

"ఏమయ్య సారు, నీ ముల్లు బోయిందా? మొన్న అన్నం ముద్ద నేనే చెప్పిన."

అందరూ నావైపు చూశారు. ఈసారి మింగడానికి ముద్దలేం లేవు. నేను వెళ్లి ఆమె ముందు కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను. ముల్లు కాదమ్మా. చేప నేను తినను. నాకు ఆసనం దగ్గర చర్మం చిట్లింది, దాన్ని ఫిషర్ అంటారు. నేను ఫిషరంటే మీ కోడలికి చేప అని వినపడింది. చెప్పడానికి సిగ్గుపడి మీ ముద్దలు మింగాను. గది మొత్తం విన్నది. ఆండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో ఏడుపో చెప్పలేను.

"గదేం సిగ్గు" అంది ముసలామె, కోడలి వైపు తిరిగి. "మీ మామకు గట్లనే రక్తం వోతుండె. ఎవ్వలకు చెప్పలే."

మామ అంటే ఆమె భర్త మట్టయ్య. బాల్‌రాజ్ అన్న వైపు తిరిగాడు.

"ఇన్నవా అన్నా. నాయినకు, నాకు. డాక్టరమ్మ చెప్పింది, నువ్వు ఇప్పుడే గొట్టమేపిచ్చుకోవాలె. ప్రణీత్‌గాడు నలభైకి. సారును తీస్కపో. సారుకు తొవ్వ తెలుసు."

అంజయ్య మీసం దువ్వుకున్నాడు. సోఫాలో కొంచెం సర్దుకున్నాడు.

"నాకేంరా? నాకు నొప్పేం లేదు."

"నాగ్గూడ లేకుండె" అన్నాడు బాల్‌రాజ్.